ఎండోనా, ఎక్సోనా? ఒక డీల్స్-ఆల్డర్ ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు: కాగితం మీదే తప్పు

ప్రాజెక్టు చిన్నదే. రెండు అణువులు కలిసి కొత్త ఆరు కార్బన్ల వలయం కట్టే డీల్స్-ఆల్డర్ చర్యతో, సైక్లోపెంటాడైఈన్, మాలిక్ అన్‌హైడ్రైడ్ కలిపి మూడు వలయాలున్న అన్‌హైడ్రైడ్ చేయాలి. అది ఎండోనో ఎక్సోనో ముందే చెప్పాలి, చేశాక రుజువు చూపించాలి. చేయడం ఒక పూట పని. రుజువుకే రెండు వారాలు పట్టింది.

"ముందు ఉత్పన్నం బొమ్మ వేసి చూపించు, తర్వాతే ఫ్లాస్కు ముట్టుకో" అన్నారు మేడమ్. ధీమాగా వేశాను. నార్బోర్నీన్ ఆకారం, పైన ఒక్క కార్బన్ వంతెన, ఆ వంతెన వైపే వంగిన అన్‌హైడ్రైడ్. కింద 'ఎండో' అని కూడా రాశాను. ఎండో అంటే లోపలికి, లోపల అంటే గొడుగులా ఉన్న ఆ వంతెన కిందే కదా అనుకున్నాను.

ఆవిడ బొమ్మ చూసి, "ఏ వంతెన లోపలికి? ఇందులో మూడున్నాయి కదా" అన్నారు.

నిజమే. ఈ అణువులో రెండు కొస కార్బన్లను మూడు వంతెనలు కలుపుతాయి. ఒకటి ఒంటరి CH₂. రెండోది ద్విబంధం ఉన్న రెండు కార్బన్ల జత. మూడోది అన్‌హైడ్రైడ్ మోస్తున్న రెండు కార్బన్ల జత. అన్నిటికన్నా చిన్న వంతెన, అంటే ఒంటరి CH₂, ఏ వైపు ఉందో ఆ వైపుకి తిరిగిన గ్రూపు ఎక్సో. దానికి దూరంగా, ద్విబంధం కిందికి ముడుచుకున్న గ్రూపు ఎండో. నేను వేసింది ఎక్సో బొమ్మ, పేరు మాత్రం ఎండో. పరీక్షలో అయితే పేరు చూసి మార్కులు పడేవేమో!

రెండో రోజు: మోడల్ కిట్‌తో

బొమ్మలో పొరపాటు ఎక్కడ వస్తోందో తేలాలంటే చేత్తో పట్టుకోవాల్సిందే అనిపించి, బంతులు పుల్లలున్న మోడల్ కిట్ తెచ్చుకున్నాను. ముందు బ్యూటాడైఈన్ చేశాను. మధ్యలో ఉన్న ఏక బంధం చుట్టూ తిప్పితే రెండు ముఖ్యమైన ఆకారాలు వస్తాయి. రెండు ద్విబంధాలూ ఒకే వైపు ఉంటే ఎస్-సిస్, ఎదురెదురుగా ఉంటే ఎస్-ట్రాన్స్. చర్యలో డైఈన్, అంటే ఇలా రెండు ద్విబంధాలున్న అణువు, తన రెండు కొసలతో ఒకేసారి డైఈనోఫైల్, అంటే దానితో కలిసే అణువు, ద్విబంధంలోని రెండు కార్బన్లను అందుకోవాలి. ఎస్-ట్రాన్స్‌లో ఆ కొసలు చెరో దిక్కూ చూస్తుంటాయి, అందుకోలేవు.

చిక్కేమిటంటే బ్యూటాడైఈన్‌కి ఎస్-ట్రాన్సే హాయి. ఎస్-సిస్ వైపు ఆకారం దానికంటే మోలుకి దాదాపు 3 కిలోకేలరీలు ఎత్తులో ఉంటుంది. అందుకే ఏ క్షణంలో చూసినా చర్యకు సిద్ధంగా ఉన్న అణువులు కొన్నే. కొస కార్బన్ మీద సిస్ వైపు మిథైల్ తగిలిస్తే ఇంకా కష్టం. ఎస్-సిస్‌లోకి తిప్పగానే ఆ మిథైల్ వెళ్ళి అవతలి కొస హైడ్రోజన్‌కి గుద్దుకుంది. మోడల్‌లో పుల్ల వంగింది కూడా. అలా మిథైల్ ఉన్న సిస్-పైపెరిలీన్ ఎందుకంత బద్ధకంగా చర్య జరుపుతుందో అప్పుడర్థమైంది.

సైక్లోపెంటాడైఈన్‌కి ఈ బాధ లేదు. ఐదో కార్బన్ రెండు కొసలనీ కట్టేసి ఉంచుతుంది కాబట్టి ఎప్పుడూ ఎస్-సిస్‌లోనే ఉంటుంది. గది ఉష్ణోగ్రతలోనే చర్య నిమిషాల్లో అయిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అదే గుణం తర్వాత నా కొంప ముంచింది, ఆ సంగతి వస్తుంది.

ఇక ఉత్పన్నం బొమ్మకి నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. డైఈన్‌ని ఎస్-సిస్‌లో, పైనుంచి చూస్తున్నట్టు కాగితం మీద వేయాలి. దాని రెండు కొస కార్బన్ల మీదా డైఈన్ గొలుసు కాకుండా ఇంకో రెండేసి గ్రూపులుంటాయి. ఒకటి గొలుసు వంపు లోపలి వైపుకి, ఒకటి బయటికి. చర్య అయ్యాక లోపలి గ్రూపులు రెండూ కొత్త ఆరు కార్బన్ల వలయానికి ఒక వైపు చేరతాయి, బయటి గ్రూపులు రెండూ రెండో వైపు చేరతాయి. డైఈనోఫైల్ మీద ఎండోగా వచ్చిన గ్రూపు ఎప్పుడూ బయటి గ్రూపుల వైపే ఉంటుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే.

సైక్లోపెంటాడైఈన్‌లో కొస కార్బన్ల మీద లోపలి గ్రూపు ఏది? ఆ CH₂యే. ఒకే CH₂ రెండు కొసలకీ లోపలి గ్రూపుగా పనిచేస్తోంది. బయటివి హైడ్రోజన్లు. కాబట్టి ఉత్పన్నంలో CH₂ ఒక వైపు వంతెనలా లేస్తుంది, ఎండో అన్‌హైడ్రైడ్ దానికి ఎదురు వైపుకి వెళ్తుంది. నిన్న నేను తలకిందులు చేసింది సరిగ్గా ఇదే.

పద్ధతి ఇంకోచోట కూడా పనిచేస్తుందా అని (E,E)-2,4-హెక్సాడైఈన్‌తో పరీక్షించాను. అక్కడ మిథైల్స్ రెండూ బయటివి. మాలిక్ అన్‌హైడ్రైడ్ ఎండోగా వస్తే కార్బోనైల్స్ కూడా అదే వైపు. అంటే నాలుగు గ్రూపులూ సిస్. పుస్తకాల్లో ఉన్న ఉత్పన్నమూ అదే.

మాలిక్ అన్‌హైడ్రైడ్‌లో రెండు కార్బోనైల్స్ సిస్‌గా ఉన్నాయి కాబట్టి ఉత్పన్నంలోనూ సిస్‌గానే ఉంటాయి. రెండు బంధాలూ ఒకే అడుగులో, ఒకే ముఖం నుంచి ఏర్పడతాయి, మధ్యలో తిరగడానికి సందు లేదు. ఎండో ఉత్పన్నమే ముందు వస్తుందనే ఎండో నియమానికీ దీనికీ సంబంధం లేదు. ఈ రెంటినీ కలిపేసి చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. డైమిథైల్ ఫ్యూమరేట్ తీసుకుంటే రెండు ఎస్టర్లూ ట్రాన్స్, కాబట్టి ఎటు తిప్పినా ఒకటి ఎండో, ఒకటి ఎక్సో అవుతుంది. అక్కడ ఎండో నియమాన్ని అడగడంలోనే అర్థం లేదు.

మా ఉత్పన్నంలో స్టీరియో కేంద్రాలు నాలుగున్నాయి. అయినా అణువు మధ్యగా, CH₂ మీదుగా ఒక దర్పణ తలం పోతుంది కాబట్టి ఇది మీసో సమ్మేళనం. ఎండోదీ అంతే, ఎక్సోదీ అంతే. తేల్చాల్సింది రెండు డయాస్టీరియోమర్ల మధ్యే కాబట్టి ద్రవీభవన స్థానం, ఎన్ఎంఆర్ చాలు, కైరల్ కాలమ్ ఏదీ అక్కర్లేదు. అది విని నా పార్ట్‌నర్ ఊపిరి పీల్చుకుంది.

నాలుగో రోజు: పగలగొట్టడం

సైక్లోపెంటాడైఈన్ సీసాలో దొరకదు. దొరికేది డైసైక్లోపెంటాడైఈన్. అది రెండు సైక్లోపెంటాడైఈన్ అణువులు తమలో తాము డీల్స్-ఆల్డర్ జరుపుకుంటే వచ్చే డైమర్, అదీ ఎండో రూపంలోనే. వేడి చేస్తే వెనక్కి విడిపోతుంది. దీన్నే క్రాకింగ్ అంటాం.

డైమర్ 20 మి.లీ. తీసుకుని, నూనె తొట్టి 170–180 °C దగ్గర ఉంచి, ఫ్రాక్షనేటింగ్ కాలమ్ పెట్టి నిదానంగా స్వేదనం చేశాం. పైనున్న థర్మామీటరు 40–42 °C మధ్య నిలబడితే వస్తున్నది మోనోమరే. ఒకసారి వేడి ఎక్కువైతే థర్మామీటరు 45 దాటింది. అప్పుడు డైమర్ కూడా పైకి వస్తోందని అర్థం, వెంటనే మంట తగ్గించాలి. రిసీవర్‌ని మంచులో ముంచి ఉంచాం. వచ్చిన ద్రవం మసకగా కనిపిస్తే అది తేమ. చిటికెడు నిర్జల కాల్షియం క్లోరైడ్ వేస్తే తేటపడింది. ఆ వాసన గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఫ్యూమ్ హుడ్ బయట మాత్రం సీసా తెరవకండి.

సాయంత్రమైంది. మిగతా పని రేపు చేద్దామని సీసాకి మూత పెట్టి, అలమరలో పెట్టి వెళ్ళిపోయాం.

ఐదో రోజు: తక్కువ దిగుబడి

మాలిక్ అన్‌హైడ్రైడ్ 2.0 గ్రా. తీసుకుని 8 మి.లీ. ఇథైల్ అసిటేట్‌లో కొద్దిగా వేడి చేసి కరిగించాం. 8 మి.లీ. హెక్సేన్ కలిపి మంచులో చల్లార్చాం. నిన్నటి సైక్లోపెంటాడైఈన్ 2 మి.లీ. పోశాం. ఫ్లాస్కు వేడెక్కాలి, తెల్లని స్ఫటికాలు జలజలా రాలాలి. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉందంతే. స్ఫటికాలు వచ్చాయి కానీ పిసరంత. ఆరబెట్టి తూచితే 1.1 గ్రా.

లెక్క ఇలా ఉంది. మాలిక్ అన్‌హైడ్రైడ్ అణుభారం 98, కాబట్టి 2.0 గ్రా. అంటే 20.4 మిల్లీమోల్స్. సైక్లోపెంటాడైఈన్ 2 మి.లీ. అంటే దాదాపు 1.6 గ్రా., 24 మిల్లీమోల్స్, కొంచెం ఎక్కువే. ఉత్పన్నం అణుభారం 164, కాబట్టి పూర్తిగా జరిగితే 3.35 గ్రా. రావాలి. మాకు వచ్చింది మూడోవంతు.

మేడమ్ అడిగింది ఒక్కటే. "రాత్రంతా బయటే ఉందా?"

గది ఉష్ణోగ్రతలో సైక్లోపెంటాడైఈన్ ఒక రోజులో సగం దాకా మళ్ళీ డైమర్ అయిపోతుంది. ఎస్-సిస్‌లో బిగుసుకుని ఉండి తొందరగా చర్య జరిపే గుణమే దాన్ని దానితోనే కలిపేసింది. డీల్స్-ఆల్డర్ కోసం దాచుకున్నది రాత్రికి రాత్రే డీల్స్-ఆల్డర్ చేసుకుంది. తప్పు మాదే, ఎవర్నీ అనడానికి లేదు. మంచులో ఉంచినా కొన్ని గంటల్లో వాడేయాలి. మర్నాటికి ఉంచక తప్పకపోతే లోతైన ఫ్రీజర్‌లో పెట్టి, వాడేముందు మళ్ళీ స్వేదనం చేసుకోవాలి.

ఆరో రోజు: మళ్ళీ

పొద్దున్నే పగలగొట్టాం, గంటలోపే వాడాం. కొలతలన్నీ అవే. ఈసారి పోసిన అర నిమిషానికే ఫ్లాస్కు వేడెక్కింది, మంచులో తిప్పుతూ ఉండాల్సి వచ్చింది. తెల్లని ముద్ద దిగింది. అది మరీ సన్నగా ఉందని, ఫ్లాస్కుని నీటి ఆవిరి మీద వేడి చేసి మళ్ళీ కరిగించి, కదపకుండా నెమ్మదిగా చల్లారనిచ్చాం. పలుచని పెద్ద పలకలు వచ్చాయి, ఒక్కొక్కటి వెలుతురులో మెరుస్తూ. వడగట్టి ఆరబెడితే 2.6 గ్రా., దిగుబడి 78 శాతం. ద్రవీభవన స్థానం 163–164 °C. ఎండో అన్‌హైడ్రైడ్‌కి పుస్తకాల్లో ఉన్నది 164–165. ఎక్సోది 142–143 దగ్గర.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ "164 వచ్చింది కాబట్టి ఎండో" అంటే వేరేవాళ్ళ రుజువుని అరువు తెచ్చుకున్నట్టు. మాకు సొంత రుజువు కావాలి.

తొమ్మిదో రోజు: ఎన్ఎంఆర్

డ్యుటీరేటెడ్ క్లోరోఫాంలో తీసిన ప్రోటాన్ స్పెక్ట్రం వచ్చింది. ద్విబంధం మీది హైడ్రోజన్లు 6.3 పీపీఎం దగ్గర, కార్బోనైల్ పక్క హైడ్రోజన్లు 3.57 దగ్గర, మూల హైడ్రోజన్లు, అంటే వంతెనలు కలిసే రెండు కొస కార్బన్ల మీదివి, 3.5 దగ్గర, CH₂లోని రెండూ 1.77, 1.56 దగ్గర.

అసలు కథ 3.57 దగ్గర ఉంది. ఆ సంకేతం చీలి ఉంది. అంటే కార్బోనైల్ పక్క హైడ్రోజన్, పొరుగున ఉన్న మూల హైడ్రోజన్‌తో మాట్లాడుతోంది. అన్‌హైడ్రైడ్ ఎండోగా ఉంటే ఆ కార్బన్ మీది హైడ్రోజన్ ఎక్సో వైపు ఉండాలి. అప్పుడు దానికీ మూల హైడ్రోజన్‌కీ మధ్య డైహెడ్రల్ కోణం సుమారు 45 డిగ్రీలు ఉంటుంది. కోణాన్ని బట్టి చీలిక ఎంతో చెప్పే కార్ప్లస్ సంబంధం ప్రకారం అక్కడ అది కొన్ని హెర్ట్జ్ ఉంటుంది. అన్‌హైడ్రైడ్ ఎక్సోగా ఉంటే ఆ హైడ్రోజన్ ఎండో వైపు పోతుంది, కోణం 80 డిగ్రీల చుట్టూ ఉంటుంది, చీలిక దాదాపు సున్నా. మోడల్‌లో ఈ రెండు కోణాల్నీ కంటితోనే చూడొచ్చు. కిట్‌లో పుల్లలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఎండో హైడ్రోజన్ మూల హైడ్రోజన్‌కి దాదాపు లంబంగా నిలబడింది.

మా దాంట్లో చీలిక ఉంది. కాబట్టి హైడ్రోజన్ ఎక్సో, అన్‌హైడ్రైడ్ ఎండో.

ఎన్ఎంఆర్ లేని చోట వేరే దారి ఉంది. అన్‌హైడ్రైడ్‌ని నీళ్ళతో మరిగిస్తే డైఆమ్లం అవుతుంది. దాన్ని బైకార్బనేట్‌లో కరిగించి అయోడిన్ కలిపితే ఎండో కార్బాక్సిల్ పక్కనే ఉన్న ద్విబంధాన్ని అందుకుని లాక్టోన్ కట్టేస్తుంది. ఎక్సో కార్బాక్సిల్‌కి ద్విబంధం అందదు. మేం చేయలేదు, టైం లేదు.

పదకొండో రోజు: ఎండో ఎందుకు, ఎప్పటిదాకా

ఎండో నియమాన్ని 1937లో ఆల్డర్, స్టైన్ రాశారు. డీల్స్, ఆల్డర్ తమ చర్యని వివరించింది 1928లో, నోబెల్ వచ్చింది 1950లో. ఎండో ఎందుకు అన్నదానికి తరగతిలో చెప్పేది సెకండరీ ఆర్బిటల్ వివరణ. చర్య జరిగే క్షణంలో కార్బోనైల్స్ డైఈన్ మధ్య కార్బన్ల కిందికి వస్తే వాటి ఆర్బిటల్స్ మధ్య అదనపు ఆకర్షణ ఉంటుందని, దాంతో ఆ మార్గం కాస్త తేలికవుతుందని. వుడ్‌వర్డ్, హాఫ్‌మన్ ఇచ్చిన వివరణ ఇది. ఇదొక్కటే కారణమా, లేక ఎక్సో మార్గంలో CH₂ అడ్డుపడటం లాంటివీ ఉన్నాయా అన్న వాదన ఇంకా నడుస్తోంది. నాకైతే మోడల్‌లో రెండూ కనిపించాయి.

కానీ ఇందులో ఎక్కడా ఎండో ఉత్పన్నం ఎక్కువ స్థిరమైనదని లేదు. ఏది ముందు తయారవుతుందన్నదే నియమం. నా పార్ట్‌నర్ ఇది ఒప్పుకోలేదు. "ఎక్కువగా వచ్చేది స్థిరంగా ఉండేదే కదా, లేకపోతే ఎందుకొస్తుంది?" అంది. వాదించడం కన్నా వేడి చేసి చూడటం తేలిక అనిపించింది.

పన్నెండో రోజు: వేడి

1 గ్రా. ఎండో అన్‌హైడ్రైడ్‌ని కండెన్సర్ పెట్టిన చిన్న ఫ్లాస్కులో, ద్రావణి లేకుండా, 190 °C నూనె తొట్టిలో రెండు గంటలు ఉంచాం. పూర్తిగా కరిగి పసుపు ద్రవం అయింది. ఫ్లాస్కు మెడ దగ్గర చల్లగా ఉన్న చోట సూదుల్లాంటి తెల్లని స్ఫటికాలు పేరుకున్నాయి. అది మాలిక్ అన్‌హైడ్రైడ్ అయివుంటుందని అనుకున్నాం. 52 దగ్గరే కరిగింది, కాబట్టి అదే. అంటే కొంత ఉత్పన్నం వెనక్కి విడిపోయింది, కొంత సైక్లోపెంటాడైఈన్ తప్పించుకుంది, దానికి జత లేని అన్‌హైడ్రైడ్ ఇలా పైకి చేరింది.

చల్లారాక గడ్డకట్టిన ముద్ద ద్రవీభవన స్థానం చూస్తే 100 దాటిన కొంతసేపటికే మెత్తబడటం మొదలై, పాతిక ముప్పై డిగ్రీల దాకా సాగింది. మిశ్రమం అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

స్పెక్ట్రంలో 2.99 పీపీఎం దగ్గర కొత్త సంకేతం లేచింది. దాదాపు చీలిక లేని, సన్నని గీత. ఎక్సో ఉత్పన్నంలో కార్బోనైల్ పక్క హైడ్రోజన్లు అక్కడే రావాలి, అలాగే రావాలి. ఎంత ఉందో లెక్కించడానికి 3.5 చుట్టూ ఉన్నవి పనికిరావు, అక్కడ రెండు ఐసోమర్ల సంకేతాలూ ఒకదాని మీదొకటి పడ్డాయి. 6.3 దగ్గర రెండు ఐసోమర్ల ద్విబంధ హైడ్రోజన్లూ కలిసి వస్తాయి, రెంటికీ రెండేసి. ఆ వైశాల్యాన్ని 2.00 అనుకుంటే 2.99 దగ్గర 1.05 వచ్చింది. ఎక్సోకి అక్కడా రెండు హైడ్రోజన్లే కాబట్టి ఎక్సో వాటా 1.05 ÷ 2.00, అంటే 52.5 శాతం.

దాదాపు సగం సగం. అంటే ఎక్సో తేలిగ్గా గెలిచేంత స్థిరమైనదేం కాదు. ఎండో మాత్రం స్థిరత్వంతో గెలవలేదని స్పష్టంగా తేలింది. చల్లగా ఉన్నప్పుడు తొందరగా తయారై అక్కడే ఆగిపోవడం వల్లే మాకు అది ఒక్కటే దొరికింది. వేడి చేసి వెనక్కి రావడానికి దారి ఇచ్చాక ఎక్సోకీ అవకాశం వచ్చింది.

ఇదే తర్కం ఫ్యూరాన్ దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. ఫ్యూరాన్, మాలిక్ అన్‌హైడ్రైడ్ చర్య గది ఉష్ణోగ్రతలోనే వెనక్కీ ముందుకీ నడుస్తుంది, అందుకే అక్కడ చేతికొచ్చేది ఎక్సో. "సైక్లోపెంటాడైఈన్‌తో ఎండో వచ్చింది కదా, దీనికీ ఎండోనే" అని గీసేస్తే తప్పు. నియమం రాసే ముందు ఆ చర్య వెనక్కి వెళ్తుందా అని అడగాలి.

పదిహేనో రోజు

మిశ్రమాన్ని టోలుయీన్‌లోంచి మళ్ళీ మళ్ళీ స్ఫటికీకరించాం. మొదటి రెండుసార్లూ పెద్ద తేడా లేదు. నాలుగోసారికి 140–142 °C వచ్చింది. చేతికి మిగిలింది 0.2 గ్రా. కూడా లేదు, అయినా ఎక్సో అని చెప్పడానికి చాలు. స్పెక్ట్రంలో 3.57 దగ్గర ఏమీ లేదు, 2.99 దగ్గర ఆ సన్నని గీత ఒంటరిగా ఉంది.

రెండు సీసాలకీ లేబుళ్ళు రాస్తుంటే మేడమ్ వచ్చి మొదటి రోజు నేను వేసిన బొమ్మ కాగితం బయటికి తీశారు. పారేశారనుకున్నాను. కింద నేను రాసిన 'ఎండో' కొట్టేసి, 'ఎక్సో' అని రాసి, 0.2 గ్రా. సీసాకి రబ్బరు బ్యాండుతో చుట్టి పెట్టారు.